ఎదురుకోలులో మగపెళ్ళివారికి స్వాగతం చెప్పాలి, రెండు నిమిషాల్లో ఏం మాట్లాడాలి?

ఆటోనగర్ నాన్న

అందరికీ నమస్కారం. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్ళి. బెజవాడలోనే, పోరంకి వైపు ఫంక్షన్ హాల్లో. మగపెళ్ళివారిది శ్రీకాకుళం. ముహూర్తం రాత్రి పదిన్నర దాటాక. వాళ్ళు ముందురోజు రాత్రి రెండు బస్సుల్లో బయల్దేరి పొద్దున్నే విడిదికి చేరతారు, సాయంత్రం ఆరున్నరకి ఎదురుకోలు. ఈవెంట్ వాళ్ళు వచ్చి "అంకుల్, ఎదురుకోలులో మీరు మైకు తీసుకుని స్వాగతం చెప్పాలి, ఇప్పుడు అందరూ చెబుతున్నారు" అన్నారు. మా పెళ్ళిళ్ళలో ఇలాంటిది ఎప్పుడూ లేదు, మా నాన్న నా చెల్లెలి పెళ్ళిలో మాట్లాడిన గుర్తే లేదు. కానీ అమ్మాయి కూడా మాట్లాడు నాన్నా అంటోంది, నాకూ మాట్లాడాలనే ఉంది, ఎందుకంటే వాళ్ళు నిజంగా మంచి మనుషులు.

ఒకటి రాసుకున్నాను. కింద పెడుతున్నాను, చూసి చెప్పండి.

"వేదికను అలంకరించిన పెద్దలకు, బంధుమిత్రులకు, శ్రేయోభిలాషులకు నా హృదయపూర్వక నమస్సుమాంజలులు. మా ఆహ్వానాన్ని మన్నించి సుదూర ప్రాంతం నుండి ఎన్నో వ్యయప్రయాసలకోర్చి విచ్చేసిన మగపెళ్ళివారికి ఘనస్వాగతం. మా స్థోమతకు తగ్గట్టు ఏర్పాట్లు చేశాము, లోటుపాట్లు ఉంటే పెద్దమనసుతో మన్నించగలరు. మా అమ్మాయిని అల్లారుముద్దుగా, కంటికి రెప్పలా పెంచుకున్నాము. ఇకపై మీ కూతురిలా చూసుకోండి. తెలిసీ తెలియక ఏదైనా తప్పు చేస్తే క్షమించండి. మీ రుణం తీర్చుకోలేనిది."

దీని తర్వాత వాళ్ళవైపు పెద్దల పేర్లు, పద్నాలుగు మంది. మొత్తం చదివితే నాలుగు నిమిషాలు దాటుతోంది. పేర్లలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది కూడా టెన్షన్‌గానే ఉంది.

సత్తెనపల్లి శ్రీను

అన్నా, ముందుగా శుభాకాంక్షలు. నా సలహా అయితే ఎదురుకోలులో వద్దు. అప్పుడు సగం మంది విడిదిలో రెడీ అవుతుంటారు, సగం మంది ఫోటోల్లో ఉంటారు. కన్యాదానం టైములో మాట్లాడండి, మీరు అల్లుడి కాళ్ళు కడిగే ముందు, అందరి కళ్ళూ స్టేజి మీదే ఉంటాయి. మొదట్లో "అతిథి దేవో భవ" అన్న వేదవాక్యం పెట్టుకోండి, గొప్పగా ఉంటుంది. పేర్లు మాత్రం ఒక్కటి కూడా వదలొద్దు. మా పెదనాన్న కూతురి పెళ్ళిలో పెళ్ళికొడుకు పెద్ద మేనమామ పేరు వదిలేస్తే ఆయన భోజనానికి కూర్చోలేదు, బతిమాలితే ఎప్పటికో కూర్చున్నారు. పెద్ద గొడవ అయింది.

కృష్ణలంక పద్మ

చదువుతుంటేనే ఏడుపొచ్చింది అన్నయ్యా. మా అమ్మాయి అప్పగింతలప్పుడు మావారు ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయారు. పళ్ళెంలో పాలు పోసి అమ్మాయి చేతులు అందులో ముంచి వాళ్ళ అత్తగారి చేతుల్లో పెట్టేటప్పుడు ఆయన గొంతు పూడుకుపోయింది. మీరు ముందే రాసి పెట్టుకోవడం మంచిదే. పక్కన ఎవరైనా మంచినీళ్ళు పట్టుకుని నిలబడేలా చూసుకోండి. మాట ఆగిపోతే మీ తమ్ముడు అందుకునేలా ఆయనకూ ఒక కాపీ ఇవ్వండి.

ఆటోనగర్ నాన్న

పద్మ గారూ, ధన్యవాదాలమ్మా. నేను అడిగింది అప్పగింతల గురించి కాదు, సాయంత్రం వాళ్ళు విడిది నుంచి మేళంతో హాలుకి వచ్చినప్పుడు చెప్పే స్వాగతం. కానీ తమ్ముడికి కాపీ ఇవ్వాలన్న మాట బాగుంది.

బ్రాడీపేట మాస్టారు

బాబూ, గుంటూరులో కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. బంధువుల పెళ్ళిళ్ళలో, తెలిసినవాళ్ళ పెళ్ళిళ్ళలో స్వాగతాలు రాసిపెట్టమని చాలామంది అడుగుతుంటారు, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

కన్యాదానం వేళ వద్దు. శ్రీను గారు చెప్పినట్టు అందరి చూపూ అక్కడే ఉంటుంది, అంతవరకూ నిజమే. కానీ ఆ ఘట్టానికి దాని మాటలు దానికి ఉన్నాయి. పురోహితుడు రెండువైపులా గోత్రాలూ ప్రవరలూ చదువుతాడు, ముత్తాత, తాత, తండ్రి, మూడు తరాల పేర్లూ వరసగా వస్తాయి. కన్యాదాత తరఫున ధర్మంలో, అర్థంలో, కామంలో ఈమెను మీరి నడవకూడదని అడిగిస్తాడు, వరుడు "నాతిచరామి" అంటాడు. అంటే పెళ్ళికూతురి తండ్రి అడగవలసిన మాట అక్కడ అడగనే అడిగాడు, అల్లుడు మాట ఇవ్వనే ఇచ్చాడు. దాని మధ్యలో మైకు పట్టుకుంటే రెండూ పలచబడతాయి. ముహూర్తం దగ్గరపడుతుంటే పురోహితుడు గడియారం వంక చూస్తూ ఉంటాడు, జీలకర్రబెల్లం నిమిషం తేడా లేకుండా పెట్టించాలని ఆయన ఆరాటం. మీరు రెండు నిమిషాలన్నది నాలుగైతే ఆ నాలుగూ ఆయన మంత్రాల్లోంచి తగ్గించుకోవాలి.

ఎదురుకోలే సరైన చోటు. ఆ తంతు మొత్తం స్వాగతం కోసమే ఉంది. గుమ్మం దగ్గర మేళంతో ఎదురెళ్తారు, పన్నీరు చల్లుతారు, గంధం రాస్తారు, వియ్యంకులు దండలు మార్చుకుంటారు, పానకం ఇస్తారు. మీ మాటలు వీటి మధ్యలో ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న. గుమ్మం దగ్గర నిలబెట్టి మాట్లాడొద్దు. అక్కడ ముందు వరసలో ఫోటోగ్రాఫర్లు ఉంటారు, వియ్యాలవారి పెద్దలు వెనక్కి వెళ్ళిపోతారు, పట్టుచీరల్లో ఆడవాళ్ళు నిలబడి ఉంటారు. లోపలికి తీసుకొచ్చి, పెద్దవాళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టి, పానకం గ్లాసులు అందరికీ అందాక, వాళ్ళలో పెద్దావిడ ఒక గుక్క తాగాక మొదలుపెట్టండి. గ్లాసు చేతిలో ఉన్న మనిషి లేచి వెళ్ళడు, పక్కవాళ్ళతో మాట్లాడటం కూడా తగ్గిస్తాడు. ఆ రెండు నిమిషాలు మీవి.

ఇక మీరు రాసుకున్నది. నొచ్చుకోకండి, ఇందులో మీరు ఎక్కడా లేరు. శుభలేఖలో అచ్చు వేసినా, ఏ సభలో చదివినా సరిపోతుంది. "వేదికను అలంకరించిన పెద్దలు" అన్నారు, ఎదురుకోలులో వేదిక మీద ఎవరూ ఉండరు. మొదటి మెసేజ్‌లో "వాళ్ళు నిజంగా మంచి మనుషులు" అని రాశారు చూడండి, ఆ ఒక్క వాక్యం మీ ప్రసంగంలో ఉన్న వాటన్నిటికన్నా బాగుంది. వాళ్ళు మంచివాళ్ళని మీకు ఎప్పుడు తెలిసింది? అది చెప్పండి ముందు.

మంగళగిరి అక్క

నేను పెళ్ళికొడుకు తల్లిగా చెబుతున్నాను. రెండేళ్ళ క్రితం మా అబ్బాయి పెళ్ళిలో మా వియ్యంకుడు గారు మాట్లాడారు, చాలా మంచాయన, ఇప్పటికీ మేమంటే ప్రాణం. కానీ ఆ స్పీచ్‌లో "లోటుపాట్లు ఉంటే క్షమించండి" అన్న మాట ఎన్నిసార్లు అన్నారో. మాకు ఏ లోటూ కనిపించలేదు అప్పటిదాకా. ఆయన అలా అనేసరికి మావైపు వాళ్ళు ఏం తక్కువైందా అని చూడటం మొదలుపెట్టారు, మా ఆడపడుచు అయితే ఏసీ సరిగ్గా లేదని అప్పుడు గమనించింది. నాకు ఆయన్ని చూసి జాలేసింది, అలా జాలిపడాల్సి రావడం నాకు నచ్చలేదు. మా ఇంటికి కోడల్ని ఇస్తున్న మనిషి అంత తగ్గాల్సిన పని ఏముంది?

"తప్పు చేస్తే క్షమించండి" అన్నది కూడా తీసెయ్యండి అన్నయ్యగారూ. పెళ్ళి కాకముందే మీ అమ్మాయి తప్పు చేస్తుందని మీరే చెప్పినట్టు ఉంది.

సత్తెనపల్లి శ్రీను

మాస్టారూ, కన్యాదానం విషయం ఒప్పుకుంటున్నా. కానీ అక్కగారూ, ఆడపిల్ల తండ్రి ఒక మాట తగ్గి మాట్లాడితే పోయేదేముంది? మనవైపు మర్యాద అంటే అదే కదా. ఎంత ఏర్పాటు చేసినా "ఏదో మాకు కలిగింది" అనే అంటారు పెద్దలు.

గుంటూరు లాయరమ్మ

శ్రీను గారూ, మర్యాద వేరు, బతిమాలటం వేరు. "ఏదో మాకు కలిగింది పెట్టాం" అని ఇంటికొచ్చిన వాళ్ళతో వంటింటి గుమ్మం దగ్గర అనడంలో ప్రేమ ఉంది. అదే మాట అయిదొందల మంది ముందు మైకులో, కూతురు వింటుండగా తండ్రి అంటే ఆ అమ్మాయికి ఎలా ఉంటుందో ఆలోచించండి. నా పెళ్ళిలో మా నాన్న "మా పిల్ల కాస్త మొండిది, సర్దుకోండి" అన్నారు, ప్రేమగానే అన్నారు, కానీ ఆ మాట మా అత్తగారింట్లో చాలా ఏళ్ళు తిరిగింది. "మీ కూతురిలా చూసుకోండి" కూడా నాకు నచ్చదు. కోడలిని కోడలిగానే బాగా చూసుకోవచ్చు.

బ్రాడీపేట మాస్టారు

ఇద్దరి మాటల్లోనూ పట్టుకోవలసింది ఉంది. లోటుపాట్ల మాట వెనక ఉన్న అక్కర ఏమిటి? వచ్చినవాళ్ళకి ఏదైనా కావాల్సి వస్తే మొహమాటపడకూడదు, అంతే. దానికి క్షమాపణ అడిగే బదులు ఒక మనిషిని చూపించండి. "ఈ రాత్రికి ఏం కావాలన్నా మా తమ్ముడు ఇక్కడే ఉన్నాడు, వాణ్ణి పిలవండి" అని ఆయన్ని లేచి నిలబడమనండి. అలసిపోయిన వాళ్ళకి క్షమాపణ ఏం చేసుకోవాలి? వేడినీళ్ళు ఎక్కడున్నాయో, చంటిపిల్లకి పాలు ఎవరిని అడగాలో తెలిస్తే చాలు.

కొత్తపేట సౌండ్స్

మాస్టారు మాటల సంగతి చెప్పారు, నేను మైకు సంగతి చెబుతా, గుంటూరులో సౌండ్ సిస్టం మాది. పెళ్ళిలో మంచి స్పీచ్‌లు పాడయ్యేది మాటల వల్ల కాదు సార్, వినపడక. మీరు ఎక్కడ నిలబడతారో ముందే డిసైడ్ చేసుకోండి. పెద్ద బాక్సుల ముందుకి మైకుతో వస్తే కూత పెడుతుంది, బాక్సుల వెనకవైపు నిలబడాలి. మైకు నోటికి నాలుగు వేళ్ళ దూరంలో, గడ్డం కింద నుంచి పట్టుకోండి. చాలామంది పెద్దవాళ్ళు సినిమా పాటగాళ్ళలాగా జాలీ మొత్తం గుప్పెట్లో పట్టేస్తారు, గొంతు ముద్దగా వస్తుంది, కూత కూడా దానివల్లే. కొందరు సిగ్గుపడి పొట్ట దగ్గర పట్టుకుంటారు, అప్పుడు మా కుర్రాడు సౌండ్ పెంచుతాడు, పెంచితే మళ్ళీ కూత.

మేళం వాళ్ళకి ముందే చెప్పాలి. నాదస్వరం ఆగినా శ్రుతిపెట్టె మోగుతూనే ఉంటుంది, మైకులో మీ గొంతు కింద అదే వినపడుతుంది. డోలు ఆయనకి ఒక మనిషిని సైగ చెయ్యడానికి పెట్టండి, ఎందుకంటే వాళ్ళు ఎవరు చెయ్యి ఊపినా గట్టిమేళం అనుకుని వాయిస్తారు. మీరు మాట మధ్యలో ఆగిన చోట గట్టిమేళం పడితే ఏం చేస్తారు! ఇంకొకటి, కార్డ్‌లెస్ మైకులో కొత్త సెల్లులు వెయ్యమని చెప్పండి, సాయంత్రం నుంచి యాంకర్ వాడి వాడి మీ టైముకి అయిపోతాయి.

రైలుపేట జాన్

మాది క్రైస్తవ కుటుంబం. మా అక్క కూతురి పెళ్ళి చర్చిలో అయ్యాక సాయంత్రం విందులో మా బావ మాట్లాడాడు. మాకు ప్రార్థన తర్వాత రెండువైపుల పెద్దలూ మాట్లాడటం మామూలే కాబట్టి అలవాటు ఉంది, అయినా తడబడ్డాడు. ఎందుకంటే ఫోన్లో చూసి చదివాడు. స్క్రీన్ మధ్యలో ఆరిపోయింది, వేలితో తట్టేసరికి వేరే ఏదో తెరుచుకుంది. వీడియోలో చూస్తే మొహం మీద నీలం వెలుగు, కళ్ళు కిందకి. అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసుకోమని చెబుతాను నేను. లేదా అసలు కాగితమే వద్దు.

మా బావ చేసినవాటిలో మంచిది ఒకటుంది. పేర్లు చదవలేదు. పెళ్ళికొడుకు అమ్మమ్మ ఒక్కావిడ పేరే చెప్పాడు, ఆవిడ దగ్గరికి నడిచి వెళ్ళి. మిగతావాళ్ళలో ఎవరూ నొచ్చుకోలేదు, ఎందుకంటే ఆవిడ అందరికీ పెద్ద.

శ్రీకాకుళం కోడలు

నేను విజయవాడలో పుట్టి శ్రీకాకుళం కోడలినయ్యాను, పదేళ్ళయింది, కాబట్టి రెండువైపులా తెలుసు. ఒక్క విషయం చెప్పాలనిపించింది. దయచేసి స్పీచ్‌లో మా యాస అనుకరించొద్దు. మా మరిది పెళ్ళిలో ఆడపెళ్ళివారు సరదాగా, ప్రేమతోనే "ఏటి సేస్తున్నారు" అని మొదలుపెట్టారు, హాలంతా నవ్వింది. మావైపు పెద్దవాళ్ళు కూడా నవ్వారు, కానీ విడిదికి వెళ్ళాక మా మావగారు చాలాసేపు మాట్లాడలేదు. కామెడీల్లో నౌకరు పాత్రలకి మా యాస పెట్టి పెట్టి, ఎవరైనా అలా మాట్లాడితే మాకు గుచ్చుకుంటుంది.

ఊరి మీద ప్రేమ చూపించాలంటే ఊరి సంగతి చెప్పండి. మాఘమాసం అన్నారు కదా, రథసప్తమి తర్వాతా? అయితే వాళ్ళు అరసవల్లి దర్శనం చేసుకునే వస్తారు, రథసప్తమికి అర్ధరాత్రి నుంచే అక్కడ లైన్లు కడతారు. ఆ మాట ఎత్తితే మావైపు ముసలివాళ్ళ మొహాలు ఎలా విచ్చుకుంటాయో మీరే చూస్తారు.

ఆటోనగర్ నాన్న

అమ్మా, యాస సంగతి చెప్పినందుకు చాలా మేలు చేశారు. ఈవెంట్ వాళ్ళు ఆ సరదా పెడదామని అడిగారు కూడా, వద్దని చెప్పేస్తాను. పెళ్ళి రథసప్తమి అయ్యాక వారానికే.

మాస్టారూ, మీరు అడిగింది ఆలోచించాను. వాళ్ళు మంచివాళ్ళని నాకు నిశ్చితార్థం నాడు తెలిసింది. మేము వాళ్ళింటికి వెళ్ళాం. పెళ్ళికొడుకు నాయనమ్మ గారికి ఎనభై దాటాయి, ఆవిడ మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుని, "మా ఇంట్లో పొద్దున్నే లేవక్కర్లేదమ్మా, హాయిగా పడుకో" అంది. మా అమ్మాయి హైదరాబాదులో నైట్ షిఫ్టు చేస్తుంది, ఆవిడకి ఆ సంగతి ఎవరో చెప్పారట, గుర్తు పెట్టుకుంది. మా ఆవిడ తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆ మాటే మళ్ళీ మళ్ళీ చెప్పుకుంది. ఇది మైకులో చెప్పొచ్చా? చిన్న విషయం కదా.

బ్రాడీపేట మాస్టారు

అదే మీ ప్రసంగం. దాని చుట్టూ నాలుగు వాక్యాలు కట్టండి చాలు.

మంగళగిరి అక్క

అన్నయ్యగారూ, చాలా బాగుంది. కానీ ఒక్క జాగ్రత్త. నాయనమ్మ గారిని పొగిడి, పక్కనే కూర్చున్న పెళ్ళికొడుకు తల్లి గురించి ఒక్క మాట లేకపోతే ఆవిడకి ఎలా ఉంటుంది? రేపు ఆ ఇంట్లో మీ అమ్మాయి ఉండేది ఆవిడతో. "పొద్దున్నే లేవక్కర్లేదు" అని నాయనమ్మ అంటే, మరి లేపేది ఎవరు అన్నట్టు కూడా వినపడొచ్చు. ఆ రోజు ఆవిడ ఏమన్నారు?

ఆటోనగర్ నాన్న

మీరు అడిగాక మా ఆవిణ్ణి అడిగాను. ఆవిడకి బాగా గుర్తుంది. చెల్లెమ్మగారు కాఫీలు పట్టుకొస్తూ, "మా అత్తగారు నాకూ ఇదే చెప్పారు పెళ్ళయిన కొత్తలో, మా అత్తగారి మాట మా ఇంట్లో చెల్లుతుంది" అని నవ్వారట. నేను అటువైపు బావగారితో మాట్లాడుతూ వినలేదు.

గుంటూరు లాయరమ్మ

అయ్యో, ఎంత బాగుంది! అత్తా కోడలూ ఇద్దరూ ఒక్క మాటలోనే వచ్చేశారు. ఇది కచ్చితంగా చెప్పండి. అయితే నైట్ షిఫ్టు సంగతి మాత్రం మైకులో వద్దు. వాళ్ళ బంధువుల్లో రకరకాల వాళ్ళుంటారు, ఆ రాత్రంతా దాని మీదే ప్రశ్నలు వేస్తారు మీ అమ్మాయిని.

బ్రాడీపేట మాస్టారు

నేనొకటి కూర్చాను. మీ మాటల్లోనే ఉంచాను, నావి తక్కువ. ఎక్కడ మీ నోటికి రాదో అక్కడ మార్చుకోండి.

"అందరికీ నమస్కారం. బావగారూ, చెల్లెమ్మగారూ, అరసవల్లి దేవుణ్ణి చూసుకుని, రాత్రంతా బస్సుల్లో కూర్చుని, నాగావళి ఒడ్డు నుంచి మా కృష్ణ ఒడ్డుకి వచ్చారు. చంటిపిల్లల తల్లులు వచ్చారు, పెద్దవాళ్ళు వచ్చారు. మీరు గుమ్మంలో అడుగుపెట్టాకే మా ఇంటికి పెళ్ళికళ వచ్చింది.

నిశ్చితార్థం నాడు నాయనమ్మ గారు మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఒక మాటన్నారు. 'మా ఇంట్లో పొద్దున్నే లేవక్కర్లేదమ్మా, హాయిగా పడుకో' అన్నారు. చెల్లెమ్మగారు కాఫీ తెస్తూ, 'మా అత్తగారు నాకూ ఇదే చెప్పారు' అన్నారు. అమ్మా, ఆ రోజు మీ ఇంటికి మేము దిగులుతో వచ్చాం, తేలిగ్గా తిరిగి వెళ్ళాం.

అల్లుడుగారూ, ఇక నుంచి ఈ ఇంటికి మీరు చెప్పకుండా రావచ్చు.

మా అన్నదమ్ముల తరఫున, మా ఆవిడ పుట్టింటివాళ్ళ తరఫున మీ అందరికీ స్వాగతం. రాత్రికి ఏం కావాలన్నా ఇదిగో, మా తమ్ముడు ఇక్కడే ఉంటాడు. ముహూర్తానికి ఇంకా చాలా టైముంది. పానకం తాగండి, టిఫిన్ చెయ్యండి, కాసేపు నడుం వాల్చండి."

నెమ్మదిగా చదివితే నిమిషంన్నర. ఆగి ఆగి మాట్లాడితే రెండు నిమిషాలు. పేర్లు ఒక్కటీ లేవు, వరసలే ఉన్నాయి, కాబట్టి ఎవరి పేరూ వదిలేసినట్టు కాదు. మూడు తరాల పేర్లూ రాత్రి పురోహితుడు ఎలాగూ చదువుతాడు.

"అమ్మా" అన్నచోట మైకు కొంచెం దించి నాయనమ్మ గారి వైపు తిరగండి. ఆ తర్వాతి వాక్యం ఆవిడకి చెప్పండి, హాలుకి కాదు. మీకు గొంతు పట్టేసేది కూడా అక్కడే, ముందు పేరాలో కాదు. పడితే తొందరపడి మింగేసి మాట్లాడొద్దు, ఒక నమస్కారం పెట్టండి, గొంతు దానంతట అదే తేరుకుంటుంది.

సత్తెనపల్లి శ్రీను

మాస్టారూ, చాలా బాగుంది, కానీ పేర్లు లేకపోవడం మాత్రం నాకు ఇంకా భయంగానే ఉంది. పెద్ద మేనమామ లాంటివాళ్ళు తమ పేరు కోసమే చూస్తుంటారు. కనీసం "మేనమామలకు" అనైనా చేర్చండి.

బ్రాడీపేట మాస్టారు

మేనమామలు అంటే మేనత్తలు ఏమైనట్టు? చేర్చడం మొదలుపెడితే ఆగే చోటు ఉండదు. మీ భయం అర్థమైంది శ్రీను గారూ, దానికి మార్గం ప్రసంగంలో లేదు, గుమ్మం దగ్గర ఉంది. గంధం రాసేటప్పుడు, దండలు వేసేటప్పుడు మేనమామలకి, పెదనాన్నలకి ఈయనే స్వయంగా రాయాలి, తమ్ముళ్ళకి వదిలెయ్యకూడదు. పేరు పెట్టి పలకరించేది అక్కడ. ఆ పద్నాలుగు పేర్లూ అప్పుడు కావాలి, కాబట్టి జాబితా పారేయకండి, జేబులో పెట్టుకోండి. మొహాలు గుర్తుపట్టడానికి అబ్బాయి తరఫు ఎవరినైనా పక్కన నిలబెట్టుకోండి.

సత్తెనపల్లి శ్రీను

ఇది బాగుంది. ఒప్పుకుంటా కానీ పూర్తిగా కాదు. మా పెదనాన్న కూతురి పెళ్ళిలో ఆ మేనమామకి గంధం రాశారు కూడా, అయినా ఆయన అలిగారు.

శ్రీకాకుళం కోడలు

"మా కృష్ణ ఒడ్డుకి" కన్నా "కృష్ణ ఒడ్డుకి" అంటే చాలేమో మాస్టారూ. "మా" అంటే ఎందుకో మీది మాది అని విడదీసినట్టు అనిపించింది. ఇంకొక్కటి, ఆ బస్సులు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకుని ఆ వాక్యం చెప్పండి. కొందరు రైల్లో వస్తారు, కొందరు హైదరాబాదు నుంచి నేరుగా వస్తారు.

బ్రాడీపేట మాస్టారు

"మా" తీసేద్దాం, మీ చెవి సరైనది. బస్సుల మాట కూడా ఆ పొద్దున విడిదిలో కనుక్కుని మార్చుకోవాలి.

కృష్ణలంక పద్మ

మాస్టారుగారూ, వాళ్ళమ్మ కూడా మాట్లాడితే బాగుంటుంది కదా? కూతుర్ని కన్నది ఆవిడ. వదినగారి గురించి ఆవిడే చెబితే ఇంకా అందంగా ఉంటుంది.

ఆటోనగర్ నాన్న

పద్మ గారూ, మా ఆవిణ్ణి అడిగాను. మైకు తనకి ఇవ్వొద్దంది, కానీ కాఫీల మాట తను విన్నది కాబట్టి తనే చెప్పాలని కూడా అంటోంది. ఇంకా తేల్చుకోలేదు. అమ్మాయేమో "అమ్మ చెబితేనే బాగుంటుంది, నువ్వు మధ్యలో మైకు అందించు" అంటోంది.

కొత్తపేట సౌండ్స్

రెండో మైకు పెట్టించండి సార్. ఒకటే మైకు చేతులు మారితే మధ్యలో ఆఫ్ బటన్ నొక్కుకుపోతుంది, ఆ హడావుడిలో ఎవరూ చూడరు. రెండూ ముందే ఆన్ చేసి సౌండ్ మాత్రం మా కుర్రాడి చేతిలో ఉండాలి. సాయంత్రం అయిదింటికి మేళం లేనప్పుడు అమ్మగారిని ఒక్కసారి "హలో" అనమనండి, భయం అక్కడే సగం పోతుంది.

బ్రాడీపేట మాస్టారు

ఆవిడ చెప్పేట్టయితే "చెల్లెమ్మగారు" అన్నచోట "వదినగారు" అవుతుంది, ఆ ఒక్క వాక్యమే ఆవిడది. ముందూ వెనకా మీరు. ఆవిడ చివరి నిమిషంలో వద్దంటే మీరే కలుపుకుని చెప్పేలా రెండు రకాలుగానూ అట్టముక్క మీద రాసుకోండి.

ఆటోనగర్ నాన్న

అలాగే మాస్టారూ. రెండు అట్టముక్కలు మా అమ్మాయి రాసిస్తానంది, తమ్ముడికి ఇచ్చేది మూడోది. నాయనమ్మ గారి మాట మైకులో చెప్పొచ్చా అని బావగారిని రేపు ఫోన్లో అడుగుతాను, ఆవిడకి ఇబ్బంది లేదంటేనే చెబుతాను.